పది గంటల ఖాళీ ఇంట్లో మా చిట్టి: రెండున్నరేళ్ల తర్వాత ఏది నిలబడింది, ఏది అటకెక్కింది

మా చిట్టి వీధికుక్క పిల్ల. 2020 చివర్లో కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికింది. అప్పుడు మా ఇద్దరికీ ఆఫీసు ఇంటి నుంచే. రెండేళ్లపాటు అది మమ్మల్ని వదిలి గంట ఉన్న రోజు లేదు. 2023 జనవరిలో వారానికి నాలుగు రోజులు గచ్చిబౌలి రమ్మన్నారు. పొద్దున 8:45కి తాళం వేస్తే మళ్లీ తీసేది సాయంత్రం 6:45కే. మొదటి రెండు వారాల్లో సోఫా దిండు ఒకటి, మా ఆయన చెప్పులు రెండు జతలు, హాల్లో కర్టెన్ అంచు పోయాయి. కింది ఫ్లాట్ బాబాయిగారు లిఫ్ట్ దగ్గర ఆపి, "ఏమ్మా, సాయంత్రమయ్యేసరికి మీ కుక్క ఒకటే ఏడుపు, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారు. ఆయన కోప్పడి ఉంటే నాకు ఇంత బాధ అనిపించేది కాదు.

అందరూ చేసే పనే మేమూ చేశాం, బొమ్మలు కొన్నాం. దాదాపు ఆరు వేలు ఖర్చయింది. పొద్దున వెళ్లేటప్పుడు అన్నీ నేల మీద పరిచేవాళ్లం. సాయంత్రానికి బొమ్మలు బొమ్మల్లాగే ఉండేవి, చెప్పులు మాత్రం ఉండేవి కావు.

దారి చూపించింది డ్రాయర్‌లో పడి ఉన్న పాత ఫోన్. దాన్ని కెమెరాగా మార్చే ఉచిత యాప్ వేసి, టీవీ పక్కన నిలబెట్టి, ఐదు రోజులు చిట్టి ఏ టైముకి ఏం చేస్తోందో కాగితం మీద రాసుకున్నాను. ఐదు రోజులూ కాస్త అటూ ఇటూగా ఒకటే కథ. మేం వెళ్లాక పది పదిహేను నిమిషాలు తలుపు దగ్గర చెవులు నిక్కించి కూర్చుంటుంది. తర్వాత 9:30 నుంచి 12 దాకా గాఢంగా నిద్ర. 12 దాటాక లేచి బాల్కనీలోకి, తలుపు దగ్గరికి తిరుగుతూ, డెలివరీ అబ్బాయి ఎవరి బెల్ కొట్టినా మొరుగుతుంది. ఒంటిగంటకు మళ్లీ పడుకుంటుంది. అసలు విధ్వంసం 4:15కి మొదలై ఆరు దాకా సాగేది. అంటే పది గంటలూ సమస్య కాదు. పెద్ద కుక్క ఎలాగూ రోజులో సగం నిద్రపోతుంది. మధ్యాహ్నం ఒక గంట, సాయంత్రం రెండు గంటలు, అంతే. మేమేమో సరుకంతా నిద్రపోయే వేళకు ముందు దాని ముందు పోసేసి వెళ్తున్నాం.

ఇది విసుగా, ఒంటరితనం భయమా అన్న టెన్షన్ మాకూ ఉండేది, ఎందుకంటే ఈ రెంటికీ మందు వేరు. తేడా కెమెరాలోనే తెలుస్తుంది. భయమున్న కుక్క మనం వెళ్లిన మొదటి అరగంటలోనే తల్లడిల్లిపోతుంది. తలుపునో కిటికీనో గీరుతుంది, చొంగ కారుస్తుంది, ఎదురుగా చికెన్ ముక్క ఉన్నా ముట్టుకోదు. విసుగొచ్చిన కుక్క ముందు తిని, నిద్రపోయి, లేచాక పని వెతుక్కుంటుంది. చిట్టి రెండో రకం. మా కొలీగ్ వాళ్ల లాబ్రడార్ మొదటి రకం. దానికి నేను చెప్పిన దినచర్య ఏదీ పని చేయలేదు. వాళ్లు చివరికి వెటర్నరీ డాక్టర్ దగ్గర మందులు మొదలుపెట్టి, ఒక నిమిషం, రెండు నిమిషాలు అంటూ వదిలి ఉండటం మళ్లీ నేర్పించాల్సి వచ్చింది.

మేం మొదట మార్చింది పొద్దున వాకింగ్. అంతకుముందు మా ఆయన 5:45కి దాన్ని జాగింగ్‌కి తీసుకెళ్లేవారు. అలిసిపోతే పడుకుంటుందని ఆయన లెక్క. మూడు నెలల్లో దానికి స్టామినా పెరిగింది, అల్లరి తగ్గలేదు. ఇప్పుడు అదే నలభై నిమిషాల్లో సగానికి పైగా దాని ఇష్టానికి వదిలేస్తాం. మూడు మీటర్ల తాడు, తొందర లేదు. ఒక కరెంటు స్తంభం దగ్గర నాలుగు నిమిషాలు వాసన చూస్తే నాలుగు నిమిషాలూ నిలబడతాం. పాలవాడు నవ్వుకుంటాడు, నవ్వుకోనీ. ఇలా మొదలుపెట్టిన వారంలోనే పొద్దుటి నిద్ర 12:30 దాకా సాగింది.

ఇక రెండున్నరేళ్లుగా మానకుండా వాడుతున్న వస్తువు లోపల బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మ. దాన్ని ఎలా నింపాలో తెలియక మొదట్లో పొడి పెడిగ్రీ గింజలు పోసి ఇచ్చేదాన్ని, ఏడు నిమిషాల్లో ఖాళీ అయ్యేది. ఇప్పటి పద్ధతి వేరు. రాత్రి 50 గ్రాముల గింజలు గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెడతాను. ఉడికించిన గుమ్మడికాయ రెండు చెంచాలు, ఉప్పు వేయని పెరుగు ఒక చెంచా కలిపి మెత్తగా మెదుపుతాను. కింద చిన్న చిల్లును ఒక పొడి గింజతో మూసి, బొమ్మను స్టీలు గ్లాసులో నిలబెట్టి, మెదిపింది కూరి రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెడతాను. పొద్దున ఇస్తే ముప్పై ఐదు నుంచి నలభై నిమిషాలు నాకుతూనే ఉంటుంది. నాకీ నాకీ అక్కడే నిద్రలోకి జారుతుంది.

మొదటి రోజే రాయిలా గడ్డకట్టించి ఇస్తే మాత్రం కుక్క రెండు నిమిషాలు చూసి వదిలేస్తుంది. చిట్టీ అదే చేసింది. వెనక్కి వెళ్లి, మొదట వదులుగా నింపి, తర్వాత బిగించి, తర్వాత మామూలు ఫ్రిజ్‌లో పెట్టి, రెండు వారాలకు గానీ ఫ్రీజర్ దాకా రాలేదు. ఇంకో తప్పు కూడా చేశాను. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో మాత్రమే ఇచ్చేదాన్ని. నెల తిరిగేసరికి ఆ బొమ్మ కనిపిస్తే చాలు, ముఖం వేలాడేసుకుని తలుపు దగ్గరికి వెళ్లిపోయేది. దాని లెక్కలో బొమ్మ వచ్చిందంటే మేం పోతున్నట్టే. అప్పటి నుంచి ఆదివారం కూడా, మేం పక్కనే కూర్చుని టీ తాగుతుండగా, ఒకటి ఇస్తున్నాం.

చీమల సంగతి ఏ వీడియోలోనూ చూపించరు. వేసవిలో అరగంటకే కరిగి నేలకు అంటిన చోట ఎర్ర చీమలు బారులు తీరతాయి. పాత కాలిపట్టా మీద పెట్టి ఇవ్వడం, సాయంత్రం ఆ పట్టాను దులిపి బాల్కనీలో ఆరేయడం, బొమ్మ లోపల పాలసీసా బ్రష్‌తో వేడినీళ్లు పోసి కడగడం అలవాటైంది. కడగకపోతే రెండో రోజుకే పులిసిన వాసన. లోపల పెట్టే వాటిలో ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ అస్సలు ఉండకూడదు. పల్లీ వెన్న వాడేవాళ్లు డబ్బా మీద, చక్కెర బదులు తీపి కోసం వేసే జైలిటాల్ ఉందేమో చదవాలి, అది కుక్కలకు విషం.

మధ్యాహ్నం ఆ గంటసేపటికి మనిషి కావాలి, దానికి వస్తువుతో పరిష్కారం లేదు. పెద్ద కుక్క ఉచ్చ ఆరు గంటలు, మహా అయితే ఎనిమిది గంటలు ఆపుకోగలదు. పది గంటలు ఆపుకోమనడం అన్యాయం. మొదట ఒక యాప్ ద్వారా వాకర్‌ని పెట్టుకున్నాం, నెలకు నాలుగు వేలు. యాప్‌లో రోజూ ముప్పై నిమిషాల నడక నమోదయ్యేది. నా పాత ఫోన్ కెమెరాలో మాత్రం తలుపు తీసినప్పటి నుంచి మళ్లీ మూసేదాకా తొమ్మిది నిమిషాలు! అడిగితే లొకేషన్ సరిగ్గా పట్టలేదన్నారు. మానేశాం. ఇప్పుడు మా వాచ్‌మన్ భార్య వస్తోంది, నెలకు 2,500. ఆమెకు మొదట్లో కుక్కలంటే భయం. వారం రోజులు సాయంత్రాలు నాతో పాటు నడిపించి, గింజలు ఆమె చేత్తోనే పెట్టించాను. ఇప్పుడు 12:30కి ఆమె చెప్పుల చప్పుడు విని చిట్టి ముందే తలుపు దగ్గర ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో బయటికి తీసుకెళ్లొద్దని చెప్పాను. మధ్యాహ్నం రోడ్డు మీద అరచేయి ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆనలేవు. ఆ రెండు నెలలు సెల్లార్ నీడలోనే పది నిమిషాలు తిప్పి, నీళ్ల గిన్నె నింపి వెళ్తుంది.

సాయంత్రం 4:15 గండానికి టైమర్‌తో తెరుచుకునే గింజల డబ్బా కొన్నాం. దీనికి నేను సగం మార్కులే ఇస్తాను. 4:15కి కొన్ని, 5:15కి కొన్ని గింజలు పడేలా పెట్టాం. చెప్పులు కొరకడం నిజంగానే ఆగింది. కానీ రెండో నెలకల్లా చిట్టి 3:30 నుంచే డబ్బా ముందు కూర్చుని దాన్ని తిట్టడం మొదలుపెట్టింది. బాబాయిగారికి మళ్లీ మొరుగుడు. ఇప్పుడు టైము రోజూ పదీ ఇరవై నిమిషాలు అటూ ఇటూ మారుస్తాను. గింజలు గిన్నెలో కాకుండా ముడతలు పెట్టిన పాత తువ్వాలు మీద పడేలా ఏర్పాటు చేశాను. ముక్కుతో వెతికి ఏరుకుంటూ తినడానికి పావుగంట పడుతుంది. కరెంటు పోతే పని చేయడానికి బ్యాటరీలు వేసి ఉంచాలి. ఒకసారి మరిచిపోయాను, ఆ రోజు మా అత్తగారు ఇచ్చిన దుప్పటి పోయింది. గుడ్డలు కొరికి మింగే అలవాటున్న కుక్కకు తువ్వాలు వద్దు, పేగులకు అడ్డం పడుతుంది.

ఇవన్నీ చేస్తూ ఒక పెద్ద పొరపాటు గమనించనేలేదు. బొమ్మలోది, డబ్బాలోది అంతా మామూలు తిండికి అదనంగా పెడుతున్నాం. 18 కిలోల చిట్టి ఐదు నెలల్లో 20 కిలోల 400 గ్రాములైంది. డాక్టర్ పక్కటెముకల మీద చెయ్యి పెట్టి, "ఎముకలు తగలట్లేదు, వెతుక్కోవాల్సి వస్తోంది" అన్నారు. అప్పటి నుంచి రోజుకు 240 గ్రాముల గింజలు పొద్దున్నే తూచి ఒక డబ్బాలో పోస్తున్నాం. మర్నాటి బొమ్మకు 50, తువ్వాలుకు 60, మిగతా 130 రెండు పూటలకు. అంతకు మించి ఇంట్లో ఎవరు ఏం పెట్టినా దాంట్లోంచే కోత. మా అత్తగారితో ఈ నియమం అమలు చేయించడం ఇంకా సాగుతూనే ఉంది.

మిగతావాటిలో, టీవీ పెట్టి వెళ్లడం వల్ల ఏమీ తేడా రాలేదు. ఫ్యాన్ చప్పుడే నయం, కారిడార్‌లో అడుగుల శబ్దం కాస్త మరుగున పడుతుంది. బాల్కనీ తలుపు మూసి, కర్టెన్ దించి వెళ్లిన రోజు మధ్యాహ్నం మొరుగుడు సగానికి తగ్గింది, పైసా ఖర్చు లేకుండా. కెమెరాలోంచి మన గొంతుతో పిలిచే సదుపాయం మాత్రం వాడొద్దు. నేను ఒక్కసారి "చిట్టీ" అన్నాను, అది అరగంట ఇల్లంతా వెతికింది.

ఆరు నెలల్లోపు పిల్లకు ఈ పద్ధతి కుదరదు. దాన్ని రెండు మూడు గంటలకోసారి చూడాలి. దీపావళి వారం మాకూ కుదరదు, ఇద్దరిలో ఒకరం సెలవు పెడతాం.

ఈ నెల నుంచి మా ఆయనకు వారానికి ఐదో రోజు కూడా ఆఫీసు. నిన్న కెమెరా చూస్తే, డబ్బా తెరుచుకుని గింజలు పడినా చిట్టి లేవలేదు. మెలకువగానే ఉంది, తువ్వాలు వైపు ఒకసారి చూసి మళ్లీ తల వాల్చేసింది. అలవాటై మొహం మొత్తిందో, ఒంట్లో నలతగా ఉందో అని రాత్రి తిండి పెట్టి చూశాను, గిన్నె నాకేసింది. కాబట్టి తువ్వాలుకే కాలం చెల్లినట్టుంది. ఈ వారం దాని బదులు టేపు, పిన్నులు తీసేసిన అట్టపెట్టెలో చింపిన పేపర్ల మధ్య గింజలు వేసి చూస్తాను. చెత్త ఊడ్చే వంతు మా ఆయనది.