అమ్మకు కొన్న మొదటి స్మార్ట్‌ఫోన్: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

వాడుతున్నది డెబ్బై రెండేళ్ల అమ్మ. అంతకు ముందు చేతిలో ఉన్నది బటన్ల ఫోనే. ఈ ఫోను పదమూడు వేల చిల్లరకు వచ్చింది. 6.6 అంగుళాల ఎల్‌సీడీ తెర, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, అడుగున ఒక్కటే స్పీకరు, వెనక 50 మెగాపిక్సెల్ కెమెరా, బరువు రెండొందల గ్రాములు. ఆ మోడల్ ఇప్పుడు దుకాణాల్లో దొరకదు కాబట్టి పేరు చెప్పినా లాభం లేదు. అందుకే వాడకంలో ఏది నిలబడింది, ఏది ఏడిపించింది అన్నదే రాస్తున్నాను.

తెర, బ్యాటరీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. తలనొప్పంతా చెవి దగ్గరుండే చిన్న స్పీకరుతోనూ, దాని పక్కనుండే సెన్సరుతోనూ వచ్చింది. విచిత్రమేమిటంటే పెట్టె మీద కెమెరా అంకె అరచేతంత ఉంటుంది, ఈ రెండింటి ఊసే ఉండదు. మళ్లీ కొనాల్సి వస్తే ఇంకో రెండు వేలు ఎక్కువ పెట్టి సరైన సెన్సరు, రెండు స్పీకర్లు ఉన్నది తీసుకుంటాను. కెమెరా కోసం మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టను.

మొదటి నెలలో రోజూ వచ్చిన ఫిర్యాదు ఒకటే. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా అవతలివాళ్లు "హలో, హలో, వినపడట్లేదు" అంటారు. అమ్మకు మాత్రం వాళ్ల గొంతు బ్రహ్మాండంగా వినిపిస్తూనే ఉంటుంది. సిగ్నల్ లోపమని సిమ్ మార్చేముందు చూడాల్సింది ఇదే. అవతలి మాట వినిపిస్తూ ఇవతలిది మాత్రమే పోతోందంటే, చాలాసార్లు చెంప తగిలి Mute నొక్కుకుపోయిందని అర్థం. మాటకు బదులు ఏదో సంగీతమో, బీప్ శబ్దమో అవతలివాళ్లకు వస్తే Hold పడిందని.

ఫోను చెవి దగ్గరికి రాగానే తెర ఆరిపోవాలి. ఆ పని చేసేది ప్రాక్సిమిటీ సెన్సరు. ఖర్చు తగ్గించుకోవడానికి కొన్ని ఫోన్లలో ఆ సెన్సరు బిగించరు. ఫోను ఎటు కదిలింది, తెరకు చెవి తగిలిందా లేదా లాంటివాటిని బట్టి సాఫ్ట్‌వేరే ఊహించుకుంటుంది. స్పెసిఫికేషన్లలో Virtual proximity అని రాసి ఉంటే అదే. మనం ఫోనును చెవికి ఆనించి మాట్లాడతాం కాబట్టి ఆ ఊహ సరిపోతుంది. కమ్మలు, మాటీలు పెట్టుకున్న పెద్దావిడ ఫోనును చెవికి అరంగుళం ఎడంగా పట్టుకుంటుంది. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లూ అంతే. అప్పుడు తెర ఆరదు, చెంప వెళ్లి బటన్ మీద పడుతుంది.

దుకాణంలో దీన్ని పరీక్షించడానికి రెండు నిమిషాలు చాలు. ప్రదర్శనకు పెట్టిన ఫోనులో మీ సిమ్ వేసి, వెంట వచ్చినవాళ్ల నంబరుకు కాల్ చేయండి. ఫోను బల్ల మీదే ఉంచి, తెర పైభాగానికి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున అరచెయ్యి అడ్డం పెట్టండి. ఠక్కున ఆరాలి, చెయ్యి తియ్యగానే వెలగాలి. పదిసార్లు పెడితే పదిసార్లూ అలాగే జరగాలి. బల్ల మీద కదలకుండా ఉన్నప్పుడు ఆరకపోతే ఆ ఫోను పెద్దవాళ్లకు వద్దు. అమ్మే కుర్రాడు "అప్‌డేట్ వస్తే సరిపోతుంది సార్" అంటాడు, నమ్మకండి. లేని సెన్సరు అప్‌డేట్‌తో రాదు.

ఇప్పటికే కొనేసి ఉంటే ఒక దారి ఉంది. కాల్ కలిశాక పవర్ బటన్ ఒకసారి నొక్కి తెర ఆర్పేయడం అలవాటు చేయాలి. దానికి ముందు Accessibility సెట్టింగుల్లో Power button ends call ఆఫ్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే ఆ నొక్కుడుకు కాల్ కాస్తా తెగిపోతుంది. నిజానికి ఫోను పెట్టెయ్యడానికి ఆ సౌకర్యం పెద్దవాళ్లకు బాగా పనికొచ్చేదే. సెన్సరు సరిగా ఉన్న ఫోనైతే దాన్ని ఆన్‌లో పెట్టండి. ఈ ఫోనులో మాత్రం రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాల్సి వచ్చింది.

ఎనిమిదో నెలలో ఇంకో గొడవ. ఫుల్ వాల్యూమ్‌లో కూడా చెవి దగ్గర మాట నూతిలోంచి వస్తున్నట్టుంది. స్పీకరు పోయిందనుకున్నాం. పోలేదు. తెర పై అంచున వెంట్రుకవాసి సందులో ఉండే జాలీని కొబ్బరినూనె, పౌడరు, చెమట కలిసి మూసేశాయి. పైగా అతికించిన టెంపర్డ్ గ్లాస్ అంచు ఆ సందు మీదికి కొంచెం జరిగి ఉంది. గ్లాస్ తీసి, పొడిగా ఉన్న మెత్తటి టూత్‌బ్రష్‌తో అడ్డంగా నెమ్మదిగా పదిహేను ఇరవైసార్లు రుద్దితే మాట తిరిగొచ్చింది. గుండుసూది పెట్టి పొడవకండి, జాలీ లోపలికి పోతుంది. నీళ్లు, స్పిరిటు కూడా వద్దు, మురికి కరిగి లోపలికే దిగుతుంది. ఇప్పుడు రెండు నెలలకోసారి ఈ బ్రష్ పని చేస్తున్నాం. కొత్త గ్లాస్ వేయించేటప్పుడు పై అంచు దగ్గర సందు వదిలిన రకమే అడగండి.

రింగు సంగతికొస్తే, వాల్యూమ్ కంటే ట్యూన్ ముఖ్యం. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందు పోయేది సన్నటి, కీచు శబ్దాలు. ఫోనుతో వచ్చే ట్యూన్లలో చాలావరకు అవే. పోనీ గంభీరమైన శబ్దం పెడదామంటే అంత చిన్న స్పీకరు దాన్ని పలికించలేదు. మిగిలేది మధ్యలో ఉన్న స్థాయి. మగ గొంతు పాడిన కీర్తనలో పల్లవి ముక్క దానికి చక్కగా సరిపోయింది, అదీ మొదటి సెకను నుంచే గొంతు మొదలయ్యేలా కత్తిరించినది. నాలుగు ట్యూన్లు వేసుకుని, ఫోను పక్కగదిలో పెట్టి, ఫ్యాను తిప్పి, తలుపు ఓరగా వేసి ఒక్కొక్కటీ మోగించి చూడండి. ఏది వినపడిందో వాడేవాళ్లనే చెప్పమనాలి, మన చెవి లెక్కలోకి రాదు.

గూగుల్ ఫోన్ యాప్ సెట్టింగుల్లో Caller ID announcement అని ఉంటుంది. దాన్ని Always చేస్తే ఫోను చేస్తున్నదెవరో పేరు పిలుస్తుంది. కళ్లజోడు వెతుక్కునే పని తప్పుతుంది. పేర్లు తెలుగు లిపిలోనే సేవ్ చేసి, ఫోను పలికే గొంతును కూడా తెలుగుకు మార్చండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే చిన్నత్తయ్య పేరు ఏ దేశపు పేరులాగో పలుకుతుంది.

అడుగున ఒకటే స్పీకరుంటే వచ్చే చిక్కు, ఫోను అడ్డంగా పట్టుకుని ప్రవచనం చూసేటప్పుడు అరచెయ్యి సరిగ్గా దాని మీదే పడుతుంది. వెయ్యి రూపాయల స్టాండు కొనక్కర్లేదు, వంద రూపాయల ప్లాస్టిక్ స్టాండుతో తీరిపోయింది. దుకాణంలో స్పీకరు చూసేటప్పుడు పాట కాకుండా ఎవరైనా మాట్లాడుతున్న వీడియో ఫుల్ సౌండులో పెట్టి వినండి. గరగరా, మాటల చివరి అక్షరాలు పోవడమూ మాటల్లోనే తెలుస్తాయి. పాటలో తబలా, వయొలిను వాటిని కప్పేస్తాయి.

తెర 6.6 అంగుళాలు చాలు. అంతకంటే పెద్దదైతే ఒక చేత్తో పట్టు చాలక జారుతుంది. ఫుల్ హెచ్‌డీ లేకపోయినా ఫరవాలేదు, అక్షరాలు ఎలాగూ పెద్దవిగానే పెడతాం కదా. పెద్దవంటే చివరిదాకా లాగమని కాదు. Font size చివరి మెట్టుకు తీసుకెళ్తే కొన్ని డబ్బులు పంపే యాప్‌లలో అడుగునున్న బటన్ తెర కిందికి జారిపోయి కనపడదు, "ఇక్కడితో ఆగిపోయిందిరా" అంటారు. చివరినుంచి రెండో మెట్టు దగ్గర ఆపి, Bold text ఆన్ చేస్తే చత్వారం కళ్లకు హాయిగా ఉంది.

తెర పరిమాణం కంటే వేలి సంగతి అసలైనది. బటన్ల ఫోనుకు అలవాటైన వేలు తెరను తాకదు, నొక్కి పట్టుకుంటుంది. అర సెకను దాటితే ఫోను దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది. యాప్ తెరుచుకోకుండా మెనూ వస్తుంది, కంగారులో వేలు జరిపితే వాట్సాప్ గుర్తు ఎక్కడికో పోతుంది. "వాట్సాప్ పోయింది" అన్న ఫోన్లన్నీ ఇవే. Accessibility లో Touch and hold delay ని Long చేయండి, కొన్ని ఫోన్లలో సెకన్లలో ఉంటుంది, అక్కడ ఒకటిన్నర సెకను. హోమ్ స్క్రీన్ సెట్టింగుల్లో లేఅవుట్‌ను లాక్ చేసే వీలుంటే అదీ చేయండి. కింద మూడు బటన్లు కనపడే నావిగేషన్ ఉంచండి, వేలితో తోసే పద్ధతి వద్దు. ఈ మూడూ చేశాక ఆ గోల తొంభై పాళ్లు తగ్గింది. చలికాలంలో వేళ్లు ఎండిపోయి తెర పలకనప్పుడు మాత్రం కొంచెం కొబ్బరినూనె రాసి తుడుచుకోవడమే మందు.

కెమెరాతో ఇంట్లో జరిగే అసలు పని మందుల స్ట్రిప్ ఫోటో తీసి పంపడం. దానికి కావలసింది వెనక ప్రధాన కెమెరాకు ఆటోఫోకస్. మరీ చవక ఫోన్లలో కొన్నిటికి అది ఉండదు. 2 మెగాపిక్సెల్ మాక్రో లెన్స్ అని రాసేది దండగ. స్ట్రిప్‌ను ముక్కు దగ్గర పెట్టినట్టు దగ్గరగా పెడితే చాలా ఫోన్లు మసకగానే తీస్తాయి. జానెడు దూరంలో పెట్టి 2x జూమ్ చేసి, అక్షరాల మీద ఒకసారి తాకి తీస్తే బ్యాచ్ నంబరుతో సహా వచ్చింది. వెండిరేకు మెరుపు అడ్డం వస్తే స్ట్రిప్‌ను కిటికీ వైపు కొంచెం వంచితే సరి. పెన్షన్ తీసుకునేవాళ్లుంటే ముందు కెమెరా కూడా చూడండి. ఏటా నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌ను జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇంట్లోంచే ఇవ్వచ్చు, దానికి కనీసం 5 మెగాపిక్సెల్ ముందు కెమెరా కావాలి.

బ్యాటరీ కొత్తలో నిండు రెండు రోజులు వచ్చింది, ఇప్పుడు రోజున్నర. ఫోన్లు, గంటన్నర ప్రవచనాలు, వాట్సాప్, ఇంతే వాడకం. ఎన్ని రోజులొస్తుందన్నది వదిలేసి రోజూ రాత్రి తొమ్మిదింటికి ఛార్జింగ్ పెట్టి పడుకునే ముందు తీసేలా ఒక సమయం పెట్టుకున్నాం, దిండు కింద పెట్టి ఛార్జ్ చేయకూడదన్నది ఒక్కటే షరతు. రెండేళ్ల నాటికి కేబుల్ వదులుగా ఊగడం మొదలైంది. సాకెట్ పోయిందనుకున్నాం గానీ, లోపల చేరింది ఫోను సంచీ నూలుపోగులు. ఫోను ఆఫ్ చేసి, చెక్క పుల్లతో గీకితే ఒక చిన్న ఉండ బయటికొచ్చింది, కేబుల్ మళ్లీ టక్కుమని కూర్చుంది.

బ్యాటరీ పేరుతో జరిగే ఒక మోసం మాత్రం ముందే తెలుసుకోవాలి. ఫోనును గంటల తరబడి ముట్టుకోకపోతే కొన్ని కంపెనీల సాఫ్ట్‌వేరు ఛార్జింగ్ మిగల్చడానికి వాట్సాప్‌ను వెనకాల నిద్రపుచ్చుతుంది. మామూలు కాల్స్ మోగుతాయి, విదేశాల్లో ఉన్న పిల్లలు చేసే వాట్సాప్ కాల్ మాత్రం మోగదు. సాయంత్రం ఫోను తెరవగానే నాలుగైదు మిస్డ్ కాల్స్ ఒక్కసారిగా వచ్చి పడితే అదే కారణం. Settings లో Apps, అందులో WhatsApp, అందులో Battery కి వెళ్లి Unrestricted పెట్టండి. సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ చూడండి. ఈ ఫోనులో రెండుసార్లు అది దానంతటదే పాత స్థితికి వెళ్లిపోయింది.