పెంటావాలెంట్ టీకా కరపత్రం: రెండు రకాల రాత

6 వారాల బిడ్డకు పెంటావాలెంట్ టీకా వేయించిన తల్లికి ఇచ్చే కరపత్రాన్ని రెండు రకాలుగా రాయొచ్చు.

మొదటిది: "టీకా పూర్తిగా సురక్షితం. అపోహలు నమ్మకండి." ఆ రాత్రే బిడ్డ ఒళ్లు కాలిపోతూ, తొడ వాచి ఏడుస్తుంటే, తల్లికి తనకు అబద్ధం చెప్పారనే అనిపిస్తుంది. 10వ వారం డోసుకు ఆమె రాకపోవచ్చు. పైగా టీకా వేస్తే జ్వరం వస్తుందా అని ఆమె అడిగితే, అది అపోహ కాదు.

రెండోది: "ఈ రాత్రి జ్వరం రావచ్చు. సూది వేసిన తొడ ఎర్రబడి వాయవచ్చు. చాలామంది పిల్లల్లో ఇలా అవుతుంది, మామూలుగా రెండు రోజుల్లో తగ్గుతుంది. పాలు ఇస్తూ ఉండండి. వాపు మీద చల్లని తడిగుడ్డ వేయండి, రుద్దకండి. పారాసిటమాల్ ఎంత వేయాలో ఏఎన్‌ఎంతో ఇక్కడే రాయించుకోండి. బిడ్డ 3 గంటలు దాటి ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు వేలాడేసినా, ఊపిరి కష్టమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవి అరుదు."

నా ఓటు రెండోదానికే. ముందే తెలిసిన జ్వరం తల్లిని అంతగా టెన్షన్ పెట్టదు. ఏది ఇంట్లో చూసుకోవాలో, దేనికి పరుగెత్తాలో కూడా ఆమెకు తెలుస్తుంది. కాకపోతే ఇది పొడుగు. అందుకే ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలను పెద్ద అక్షరాల్లో విడిగా, ఏఎన్‌ఎం ఫోన్ నంబరు పక్కనే అచ్చువేయాలి.