ఎన్‌క్లోజర్, డిస్క్ పెట్టె, నాస్: ఆరేళ్లు మూడూ వాడాక

మాది ఖమ్మంలో చిన్న ఫొటో స్టూడియో. పెళ్లికి రెండు కెమెరాలు పెడతాం, రెండూ కలిపి నాలుగు వేల ఫ్రేములు వస్తాయి. 24 మెగాపిక్సెల్ రా ఫైలు ఒక్కోటి 28 ఎంబీ దాకా ఉంటుంది కాబట్టి వీడియో సంగతి పక్కనపెట్టినా పెళ్లికి 110 జీబీ. ఏడాదికి ముప్పై పెళ్లిళ్లంటే మూడు టీబీ దాటుతుంది. ఆల్బమ్ ఇచ్చేశాక చెరిపేయొచ్చు కదా అంటారు. మూడేళ్ల తర్వాత ఫోన్ వస్తుంది: "అన్నా, మా నాన్న పోయారు. పెళ్లిలో ఆయన ఒక్కరే ఉన్న ఫొటో ఏదైనా ఉందా?" చెరిపేశానని ఎట్లా చెప్తాం?

మొదట కొన్నది యూఎస్‌బీ ఎన్‌క్లోజర్, అంటే లోపల ఒక హార్డ్ డిస్క్ పెట్టి కంప్యూటర్‌కి తగిలించుకునే డబ్బా. రెండు వేల లోపు, అందులో 4 టీబీ పెద్ద సైజు డిస్క్. అంతకుముందు జేబులో పట్టే పోర్టబుల్ డిస్కులు వాడేవాణ్ని. ఒకదాని కేబుల్ గుచ్చే చోటు వదులైపోయింది. విప్పి చూస్తే లోపల మామూలు సాటా కనెక్టరే లేదు, యూఎస్‌బీ పోర్టు డిస్క్ బోర్డుకే అతికి ఉంది. ఎన్‌క్లోజర్‌లో ఆ తిప్పలు ఉండవు. డబ్బా పోతే డిస్క్ తీసి ఇంకో డబ్బాలో పెట్టుకోవచ్చు.

దాని బలహీనత డబ్బా కన్నా అడాప్టర్‌లో ఉంది. రెండో ఏడు వేసవిలో కాపీ మధ్యలో డిస్క్ మాయమై, "టక్" మని మళ్లీ తిరగడం మొదలుపెట్టేది. డిస్క్ పోయిందనే అనుకున్నాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూస్తే చెడిన సెక్టార్ల లెక్క సున్నా. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో మాత్రం `Disk 2 has been surprise removed` అని వరసగా ఉన్నాయి. డిస్క్ ఆరోగ్యంగా ఉండి, ఇట్లా ఊడిపోతుంటే ముందు అడాప్టర్‌ని, కేబుల్‌ని అనుమానించాలి. 12 వోల్టుల కొత్త అడాప్టర్ వేశాక ఆ శబ్దం మళ్లీ రాలేదు. ఫ్యాన్ లేని ప్లాస్టిక్ డబ్బా కావడంతో మే నెల మధ్యాహ్నాల్లో డిస్క్ 56 డిగ్రీలు చూపించేది. పెద్ద కాపీలు రాత్రికి వాయిదా వేసుకునేవాణ్ని.

డిస్కులు మూడయ్యాక బల్ల మీద అడాప్టర్ల గుంపు తయారైంది. అప్పుడు నాలుగు డిస్కులు పట్టే పెట్టె కొన్నాను, డిస్కులు కాకుండా పదహారు వేలు. ఒక్క యూఎస్‌బీ కేబుల్, ఒక్క ప్లగ్గు, వెనక ఫ్యాన్. నేను పెద్ద తప్పు చేసింది ఇక్కడే.

అమ్మినతను "రెయిడ్ 5 పెట్టుకోండి సార్, ఒక డిస్క్ పోయినా డేటా పోదు" అన్నాడు. ఆ మాట నిజమే. నాలుగు 4 టీబీ డిస్కులు కలిసి 12 టీబీ ఒకే డ్రైవ్‌గా కనపడితే ముచ్చటేసింది. ఏడాదిన్నర తర్వాత ఒక పొద్దున పెట్టె లైటు వెలగలేదు. లోపలి పవర్ బోర్డు పోయింది. డిస్కులు నాలుగూ బాగానే ఉన్నాయి, కానీ ఒక్కొక్కటీ తీసి నా పాత ఎన్‌క్లోజర్‌లో పెడితే విండోస్ `Initialize Disk` అని అడిగింది. ఒక్క ఫైలు ముక్కలు నాలుగు డిస్కుల మీదా పరిచి ఉంటాయి. ఆ ముక్కలు ఏ వరసలో ఉన్నాయో ఆ పెట్టెలోని చిప్‌కే తెలుసు. అక్కడ ఓకే నొక్కితే ఉన్న ఆధారం కూడా చెడుతుంది, నొక్కలేదు. అదే మోడల్ పెట్టె హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో దొరకడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజుల్లో రెండు ఆల్బమ్‌ల గడువు దాటింది. డిస్కుల్ని అదే వరసలో పెట్టి ఆన్ చేస్తే డ్రైవ్ కనపడింది. ఆ రాత్రే మొత్తం బయటికి కాపీ చేసుకున్నాను.

అప్పటినుంచి ఆ పెట్టె వెనక స్విచ్‌ని జేబాడ్‌కి తిప్పేశాను. అంటే నాలుగు డిస్కులు నాలుగు విడి డ్రైవులు, దేన్నైనా తీసి ఏ డబ్బాలోనైనా చదవొచ్చు. మొదటి డిస్క్‌లోది రెండోదానికి, మూడోదానిది నాలుగోదానికి రోజూ రాత్రి కాపీ అవుతుంది. చోటు 12 నుంచి 8 టీబీకి తగ్గింది. నాకు బాధ లేదు. రెయిడ్ 5 లాంటిది డిస్క్ చెడిపోవడం నుంచి కాపాడుతుంది అంతే. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే క్షణంలో అన్నిచోట్లా పోతుంది.

2023లో మా తమ్ముడు ఎడిటింగ్‌లోకి వచ్చాడు. డిస్క్ పెట్టె ఒక కంప్యూటర్‌కే అతుక్కుని ఉంటుంది. నేను లేచేదాకా వాడు కూర్చోవడం, వాడు తీసుకెళ్లిన పెన్‌డ్రైవ్‌లో ఏ ఫైలు కొత్తదో తెలియకపోవడం. దాంతో రెండు డిస్కుల నాస్ తెచ్చాను, అంటే నెట్‌వర్క్‌కి తగిలించి అన్ని కంప్యూటర్ల నుంచీ వాడుకునే డిస్క్ పెట్టె. ఉత్త పెట్టెకే ఇరవై రెండు వేలు, అది కాక 8 టీబీ డిస్కులు రెండు, అద్దం మాదిరిగా ఒకదానికొకటి నకలు.

కొత్తలో కాపీ వేగం సెకనుకు 11 ఎంబీ. నాస్ దండగ అని తేల్చేసుకునేవాణ్నే. గిగాబిట్ లైన్‌లో 110 దాకా రావాలి. సరిగ్గా పదో వంతు వస్తే తప్పు నాస్‌ది కాదు, ఎక్కడో లైన్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోయిందని అర్థం. విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో `Link speed` దగ్గర 100 అనే ఉంది. గోడ మూల తిప్పిన కేబుల్‌లో ఒక జత తీగ తెగింది. మార్చాక 110 జీబీ పెళ్లి పదిహేడు నిమిషాల్లో ఎక్కుతోంది. డిస్క్ పెట్టెలో అదే పది నిమిషాలు. వైఫై మీద మాత్రం పెద్ద కాపీలు ఆశించొద్దు.

ఇంకో సంగతి. ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ క్లాసిక్, మన ఎడిట్ల లెక్కంతా రాసుకునే తన కేటలాగ్ ఫైలుని నాస్‌లో పెట్టి తెరవనివ్వదు, ఫొటోలు అక్కడ ఉండొచ్చుగానీ కేటలాగ్ మన కంప్యూటర్‌లోనే ఉండాలి. ఇద్దరం ఒకే కేటలాగ్‌లో పనిచేయొచ్చని ఆశపడ్డాను, కుదరలేదు. ఇప్పుడు పెళ్లికొక కేటలాగ్, ఎవరి పెళ్లి వారిది.

నాస్ ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిందే కాబట్టి కరెంటు పోవడం దానికి పెద్ద బెడద. ఇన్వర్టర్ ఉందిలే అనుకున్నాను. మాది మామూలు మోడ్‌లో ఉండగా, కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులో నాస్ రీస్టార్ట్ అయ్యేది. యూపీఎస్ మోడ్‌కి మార్చాను. తర్వాత చిన్న యూపీఎస్ కొని దాని యూఎస్‌బీ తీగ నాస్‌కి తగిలించాను, బ్యాటరీ అయిపోయే ముందు అదే పద్ధతిగా ఆగిపోతుంది. బయటినుంచి తెరిచే సౌకర్యం మాత్రం ఆపేసి ఉంచాను. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ పట్టుకున్నది ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచిపెట్టిన నాస్‌లనే.

ఒక్కరే, ఒకే కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లకి నేను నాస్ చెప్పను, జేబాడ్‌లో పెట్టిన డిస్క్ పెట్టె చాలు. కలెక్షన్ నాలుగైదు టీబీ లోపే ఉంటే రెండు ఎన్‌క్లోజర్లు సరిపోతాయి. రెండో మనిషి వచ్చిన రోజున నాస్ గురించి ఆలోచించొచ్చు.

నా పాత ఎన్‌క్లోజర్ ఇప్పటికీ పనిలోనే ఉంది. అందులో మార్చి మార్చి పెట్టే 8 టీబీ డిస్కులు రెండు. నెలకోసారి ఈ కమాండ్‌తో నింపి ఒకటి సూర్యాపేటలో అత్తగారింటి బీరువాలో పెట్టి, అక్కడున్నది తెచ్చుకుంటాను.

```
robocopy D:\Photos F:\Photos /E /XO /R:1 /W:5
```

`/MIR` కావాలనే వాడను. అది ఇక్కడ చెరిపినదాన్ని అక్కడా చెరిపేస్తుంది. పోయిన దసరాకి తమ్ముడు తెలియక తీసేసిన ఒక పెళ్లి ఫోల్డర్ ఆ బీరువాలోనే దొరికింది.