ఆటోపే ఆన్‌లోనే ఉంది, కట్టింది మాత్రం కనీస మొత్తమే: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. పట్టుబడి అయినప్పుడు డబ్బంతా ఒకేసారి చేతికొస్తుంది, మిగతా రోజుల్లో ఖర్చే తప్ప రాబడి ఉండదు. అందుకే మోటార్లు, విడిభాగాల వంటివి క్రెడిట్ కార్డు మీద కొని, వడ్డీ లేని గడువులోపు బిల్లు కట్టేయడం నాకు ఏళ్ల నుంచి అలవాటు. గడువు తేదీ గుర్తు పెట్టుకుని ఖాతాలోంచి బిల్లు దానంతటదే కట్టే పని ఆటోపేదే. ఇన్నేళ్లలో అది ఒక్క తేదీ కూడా తప్పలేదు. ఆ విషయంలో దానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఈ సమీక్ష మాత్రం, తేదీ తప్పకుండానే అది నాకు తెచ్చిపెట్టిన నష్టం గురించి.

జూన్ మొదట్లో బ్యాంకువారు నా పాత కార్డు స్థానంలో వేరే రకం కార్డు పంపారు. నంబరు మారింది. పాత కార్డుకున్న సదుపాయాలన్నీ కొత్తదానికి వచ్చేస్తాయని చెప్పారు. యాప్‌లో చూస్తే ఆటోపే ఎదురుగా ఆకుపచ్చ గుర్తు ఉంది. జూన్ 20న ఏరేటర్ సామగ్రికి 36,000 రూపాయలు, జులై 2న ఇంటి ఖర్చులకు 12,600 కార్డు మీద పెట్టాను. జులై 12న వచ్చిన బిల్లు 48,600. గడువు ఆగస్టు 1. ఆ రోజు ఆటోపే విజయవంతంగా పూర్తయిందని సందేశం వచ్చింది. ఎంత కట్టిందో, ఎంత మిగిలిందో అందులో లేదు. ఆగస్టు 12న తర్వాతి బిల్లు తెరిస్తే పాత బాకీ 46,170, దాని కింద వడ్డీ, వడ్డీ మీద జీఎస్టీ కనిపించాయి.

ఖాతాలో డబ్బు చాలక అలా జరిగి ఉంటుందని మా బావగారు అన్నారు. పాస్‌బుక్ చూస్తే ఆ రోజు లక్షకు పైగానే నిల్వ ఉంది. ఖాతా నుంచి డబ్బు తీసుకోవడానికి మనమిచ్చే అనుమతిని మ్యాండేట్ అంటారు. దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది కాబట్టి, బిల్లు ఆ పరిమితి దాటిందేమోనని బ్రాంచిలో అడిగాను. నా మ్యాండేట్ పరిమితి లక్ష రూపాయలు, బిల్లు అందులో సగం కూడా లేదు.

అసలు కారణం ఆ కట్టిన అంకెలోనే దొరికింది. ఖాతాలోంచి పోయింది 2,430 రూపాయలు. జులై బిల్లులో కనీస చెల్లింపు గడిలో ఉన్నదీ సరిగ్గా 2,430, అంటే 48,600లో 5 శాతం. పరిమితి అడ్డొచ్చి ఉంటే లావాదేవీ తిరస్కరణకు గురవడమో, పరిమితి మేరకే డబ్బు పోవడమో జరగాలి. నిల్వ చాలకపోతే చెల్లింపు విఫలమవ్వాలి. రెండూ కాకుండా, పోయిన సొమ్ము కనీస మొత్తంతో రూపాయి కూడా తేడా లేకుండా సరిపోయిందంటే, అంతే తీసుకోమని ఎక్కడో నమోదై ఉందన్నమాట. ఇలాంటి ఇబ్బంది మీకు ఎదురైతే ముందుగా పాత బిల్లు తెరిచి ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. సగం వెతుకులాట అక్కడే తీరిపోతుంది.

యాప్‌లో ఆటోపే గుర్తు దగ్గర ఆగకుండా దాని వివరాల్లోకి వెళ్లాను. చెల్లించాల్సిన మొత్తం అన్న చోట `Minimum Amount Due` అని ఉంది. పాత కార్డుకు నేను ఎంచుకున్నది `Total Amount Due`. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మొదట మాట్లాడిన అమ్మాయి, "మీ ఆటోపే బాగానే పని చేసిందండి, ఆలస్య రుసుము కూడా పడలేదు" అంది. ఆమె చెప్పింది నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. కనీస మొత్తం జమ అయితే బ్యాంకు లెక్కలో మనం ఎగవేతదారులం కాము. ఆలస్య రుసుము ఉండదు, హెచ్చరిక ఫోను రాదు. ఎక్కడా గంట మోగదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పై అధికారితో మాట్లాడాక అసలు సంగతి బయటపడింది. పాత నంబరు మూసేసినప్పుడు దానికున్న ఆటోపే ఆదేశం కూడా పోయింది. కొత్త నంబరుకు సిస్టమ్ తనంతట తాను ఇంకో ఆదేశం తయారు చేసి, కనీస మొత్తాన్ని పెట్టేసింది.

ఇక వడ్డీ ఎలా పడిందో చూడండి, చాలామందికి తెలియని భాగం ఇదే. మిగిలిన 46,170 మీద ఆగస్టు 1 నుంచి పదకొండు రోజులకే వడ్డీ పడుతుందని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. అలా అయితే 584 రూపాయలతో పోయేది. కానీ బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ లేని గడువు మొత్తంగా రద్దవుతుంది, కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. నా కార్డుకు వడ్డీ నెలకు 3.5 శాతం, ఏడాదికి 42. ఆ లెక్కన 36,000కు జూన్ 20 నుంచి ఆగస్టు 1 దాకా 42 రోజులకు 1,740 రూపాయలు, 12,600కు 30 రోజులకు 435. వీటికి ఆ 584 కలిపితే 2,759. దాని మీద 18 శాతం జీఎస్టీ 497. మొత్తం 3,256 రూపాయలు. ఆటోపే కట్టిన సొమ్ము కంటే ఇదే ఎక్కువ! జులై బిల్లు తర్వాత నేను కార్డు వాడలేదు కాబట్టి ఇంతటితో సరిపోయింది. వాడి ఉంటే ఆ కొత్త కొనుగోళ్లకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడేది.

ఆగస్టు 13న మొత్తం 49,426 రూపాయలూ చేత్తో కట్టేశాను. గడువు దాకా ఆగితే రోజుకు 53 రూపాయల చొప్పున వడ్డీ పెరుగుతుంది. బిల్లు తయారైన రోజు నుంచి మనం కట్టిన రోజు వరకు నడిచిన వడ్డీ ఆ తర్వాతి బిల్లులో కొద్దిగా కనిపిస్తుంది. అంతా కట్టాక మళ్లీ ఇదేమిటని కంగారు పడక్కర్లేదు, అది కట్టేస్తే అక్కడితో తెగిపోతుంది. అదే రోజు ఆటోపేను పూర్తి మొత్తానికి మార్చాను. అయితే ఆ మార్పు తర్వాతి బిల్లు నుంచే అమలవుతుందని తెరపై చిన్న అక్షరాల్లో ఉంది. మార్చాం కదా అని ఆ నెల బిల్లును ఆటోపేకు వదిలేస్తే మళ్లీ కనీస మొత్తమే పోతుంది.

ఫిర్యాదును ఫోన్‌తో వదిలిపెట్టకుండా మెయిల్‌లో రాసి పంపాను. వడ్డీ మాఫీ చేయమని బతిమాలలేదు. కొత్త కార్డుకు కనీస మొత్తం చాలని నేను ఎప్పుడు, ఎలా ఒప్పుకున్నానో ఆధారం చూపించమని మాత్రమే అడిగాను. పాత కార్డు ఆదేశం వివరాలు, రెండు బిల్లులు, ఆగస్టు 1 నాటి ఖాతా నిల్వ జత చేశాను. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్తానని కూడా రాశాను. అంతదూరం పోనవసరం లేకుండానే సెప్టెంబరు బిల్లులో 2,759 వడ్డీ, 497 జీఎస్టీ వెనక్కి జమ చేశారు. తప్పు సరిదిద్దారు కాబట్టి ఆ మేరకు బ్యాంకును మెచ్చుకుంటాను.

ఆటోపేను నేను మానలేదు, మానమని ఎవరికీ చెప్పను. కానీ యాప్ మొదటి తెర మీద ఇప్పటికీ ఆ ఆకుపచ్చ గుర్తు ఒక్కటే ఉంది. దాని పక్కన ఎంత కట్టబోతోందో చూపించే వరకు ఈ సదుపాయానికి నేను ఐదింటికి మూడు నక్షత్రాలే ఇస్తాను.