ఒకే కెమెరాను క్రాప్ చేసుకోవడమా, రెండో కెమెరా పెట్టుకోవడమా: ఇంటర్వ్యూకు ఏది మేలు?

నారాయణపేటలో ఒక నేత కార్మికుడి ఇంటికి ఇంటర్వ్యూ తీయడానికి రెండు కెమెరాలు, రెండు ట్రైపాడ్లు మోసుకుని పోయాను. గది పది అడుగులకు పన్నెండు. అందులో సగం గుంట మగ్గమే. మిగిలిన దాంట్లో కండెల బుట్ట, రాట్నం, బియ్యం సంచులు. గడప దగ్గర మొదటి ట్రైపాడ్ కాళ్లు చాపేసరికి చోటు అయిపోయింది. "ఇంకోటి ఏడ వెడ్తవు బిడ్డా, మగ్గం మీదనా?" అన్నది ఆ ఇంటావిడ. రెండోది మళ్లీ బ్యాగులో పెట్టేశాను. ఫోర్‌కేలో తీస్తున్నాం కదా, ఎడిటింగులో క్రాప్ చేసి జూమ్ చేసుకుంటే అదే రెండో యాంగిల్ అవుతుందిలే అనుకున్నాను.

సగం నిజమే. మిగతా సగం నాకు ఇంటికొచ్చాక తెలిసింది.

లెక్క ముందు చూద్దాం. ఫోర్‌కే ఫ్రేము 3840×2160. మనం యూట్యూబుకో, ఏదైనా సంస్థకో ఇచ్చేది మామూలుగా 1920×1080. అంటే అడ్డంగా రెండింతలు, నిలువుగా రెండింతలు పిక్సెళ్లు మన దగ్గర ఉన్నాయి. 1080 టైమ్‌లైనులో ఆ ఫుటేజిని రెండింతలు పెంచినా ఒక పిక్సెల్‌కు ఒక పిక్సెల్ సరిపోతుంది, కొత్తగా పుట్టించాల్సింది ఏమీ ఉండదు. అందుకే 'రెండొందల శాతం వరకు క్వాలిటీ పోదు' అని అందరూ అనేది.

కానీ పిక్సెళ్ల సంఖ్య తగ్గకపోయినా పిక్సెళ్ల నాణ్యత మారిపోతుంది. వైడ్ షాటులో నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి. ఆ కలయికలో నాయిస్, అంటే కదిలే సన్నని చుక్కలు, దాదాపు సగానికి పడిపోతుంది, రంగు కూడా చిక్కబడుతుంది. మామూలు కెమెరాలు నాలుగు పిక్సెళ్లకు ఒకే రంగు దాచే 4:2:0లో రికార్డు చేస్తాయి కాబట్టి ఫోర్‌కే ఫైలులో రంగు సమాచారం నిజానికి 1920×1080 మాత్రమే ఉంటుంది. వైడ్‌లో అది ప్రతి పిక్సెల్‌కూ సరిపోతుంది, రెండింతలు పెంచితే మళ్లీ నాలుగు పిక్సెళ్లకు ఒకే రంగు. బిట్‌రేటు కూడా అంతే. సెకనుకు 100 మెగాబిట్లు మొత్తం ఫ్రేముకు పంచినవి, మనం వాడుకునేది అందులో పావు వంతు. వైడ్‌ను విడిగా చూస్తే బాగుంటుంది, క్లోజ్‌ను విడిగా చూసినా బాగానే ఉంటుంది. ఒకదాని వెనుక ఒకటి కట్ అయినప్పుడే క్లోజ్‌లో గోడ మీద ఇసుక కదులుతున్నట్టు కనబడుతుంది.

ఆ నారాయణపేట గదిలో వెలుతురు ఒక ట్యూబులైటు, ఒక చిన్న కిటికీ. ఐఎస్ఓ 3200 పెట్టక తప్పలేదు. వైడ్‌లో ఏ మచ్చా లేదు. 200 శాతానికి పెంచితే ఆయన చొక్కా నీడలన్నీ చుక్కలు చుక్కలుగా కదలాడాయి. 150కి దించాను. అప్పుడు మనం తీసుకునేది 2560×1440 భాగం, ఇంకా కాస్త కుదించడం మిగిలే ఉంటుంది కాబట్టి నాయిస్ అణిగిపోయింది. అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న హద్దు ఇది: పగటి వెలుతురులో 180, ట్యూబులైటు కింద 150. సెన్సారు ఆరు కే దాకా చదివి ఫోర్‌కేగా కుదించే కెమెరా అయితే 200 దాకా ధైర్యంగా పోవచ్చు. ఫోను అయితే 130 దాటను. ఫోను తనంతట తానే నాయిస్ తుడిచేస్తుంది కదా, పెంచి చూస్తే గడ్డం వెంట్రుకలు మైనం పూసినట్టు ఉంటాయి.

నాయిస్ సంగతి సరే. నా పనిని పాడు చేసింది ఫోకస్.

24 ఎంఎం లెన్సు, ఏపీఎస్‌సీ సెన్సారు, అపర్చరు 2.8. ముఖానికీ లెన్సుకూ మధ్య రెండు మీటర్లు. ఆ దూరంలో ఫ్రేములో పట్టే వెడల్పు కూడా ఇంచుమించు రెండు మీటర్లే, ఎత్తు మీటరుకు కాస్త ఎక్కువ. కూర్చున్న మనిషి, పక్కన మగ్గం కొంత వచ్చాయి. వైడ్‌కు ఫోకస్ బాగున్నట్టు కనబడే లోతు అటూ ఇటూ కలిపి దాదాపు రెండున్నర అడుగులు. అదే రెండింతలు పెంచితే మసక కూడా రెండింతలు పెరుగుతుంది కాబట్టి ఆ లోతు ఒకటింబావు అడుగుకు వచ్చేస్తుంది. ఆయన చేతులు తిప్పుతూ మాట్లాడే మనిషి. పేక ఎలా కొట్టాలో చెప్తూ చెయ్యి ముఖానికి జానెడు ముందుకు తెచ్చినప్పుడల్లా ఆటోఫోకస్ చెయ్యి మీదికి పోయి అక్కడే కాసేపు ఆగింది. వైడ్‌లో ఏమీ తెలియదు. క్లోజ్‌లో చూస్తే వేళ్ల మీద చర్మం గీతలు లెక్కపెట్టొచ్చు, కళ్లు మాత్రం అప్పుడే నిద్రలేచినట్టు మసకగా ఉన్నాయి. కొడుకు మగ్గం పని వదిలి హైదరాబాదు పోయిన సంగతి చెప్పింది సరిగ్గా అక్కడే. ఆ మాటకు క్లోజ్ పెట్టాలని చెయ్యి లాగింది, పెట్టలేకపోయాను.

క్రాప్ చేసే ఉద్దేశం ఉంటే ఫోకస్‌ను వైడ్ చూసి కాదు, క్రాప్ చూసి పెట్టాలి. కెమెరాలో ఫోకస్ మాగ్నిఫైయర్ నొక్కి కనురెప్పల వెంట్రుకలు కనబడేదాకా తిప్పి, మాన్యువల్‌లో వదిలేయాలి. వెలుతురు ఉంటే అపర్చరు 4కు మూస్తే ఇంకా నిశ్చింత. ఫ్రేము కట్టేటప్పుడే క్లోజ్ ఎక్కడొస్తుందో ఊహించుకోవాలి. మనిషిని మరీ అంచుకు నెట్టితే అక్కడ లెన్సు పదును తక్కువ, ఆ మెత్తదనం క్లోజ్‌లో బయటపడుతుంది. ఇంకొకటి, ఆయన మగ్గం పలకతో పేక కొట్టినప్పుడల్లా నేల సన్నగా అదిరింది. వైడ్‌లో కనబడని ఆ అదురు 150లో కనబడింది. స్టెబిలైజ్ చేస్తే అది మరికొంత ఫ్రేము తినేస్తుంది. మాట్లాడేటప్పుడు మగ్గం ఆపించడం తేలిక.

సాఫ్ట్‌వేరులో ఒక గొయ్యి ఉంది, చాలామంది అందులో పడి కెమెరాను తిడతారు. ప్రీమియర్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేస్తే Scale to Frame Size అని, Set to Frame Size అని రెండు కనబడతాయి. మొదటిది నొక్కితే ఫోర్‌కేను ముందే 1080కి కుదించి మన చేతికిస్తుంది. దాన్ని 200కి పెంచామంటే ఉన్న పిక్సెళ్లను సాగదీస్తున్నట్టే. రెండోది నొక్కితే అసలు పిక్సెళ్లు అలాగే ఉండి, Scale దగ్గర 50 అని పడుతుంది. అప్పుడు దాన్ని 75 చేస్తే నేను చెప్పే 150, వంద చేస్తే 200. Scale దగ్గర 100 ఉండి ఫ్రేము మొత్తం కనబడుతోందంటే మొదటి గొయ్యిలో ఉన్నట్టు. డావిన్చి రిజాల్వ్‌లో ఈ గొడవ లేదు, Zoom విలువ 1 నుంచి 2 దాకా పోయినా అసలు ఫైలు నుంచే తీసుకుంటుంది. ఎడిటింగు తేలికవడానికి చేసుకున్న చిన్న ఫైళ్లు, అంటే ప్రాక్సీలు, ఆన్‌లో ఉంటే మాత్రం ఎడిటింగులో మసకగా కనబడుతుంది, దాన్ని చూసి భయపడొద్దు. తీర్పు ప్రాక్సీ ఆపి, ప్రివ్యూను Fit నుంచి 100%కి మార్చి, కనురెప్పల దగ్గర చెప్పాలి.

ఇప్పుడు రెండో కెమెరా సంగతి. తర్వాతి నెల నల్గొండ దగ్గర ఒక బత్తాయి తోటలో రైతు ఇంటర్వ్యూ. చోటుకు కొదవ లేదు, వెలుతురుకు కొదవ లేదు. ఎదురుగా ఒకటి, దానికి నలభై డిగ్రీల పక్కన ఒకటి పెట్టాం. ఎడిటింగులో కూర్చున్నాక తేడా వెంటనే తెలిసింది. క్రాప్‌లో వచ్చేది దగ్గరి చూపే, పక్క చూపు రాదు. ముక్కు, చెవి, వెనుక చెట్టు ఉన్న వరుస అలాగే ఉంటుంది, అన్నీ పెద్దవవుతాయంతే. నిజమైన రెండో కెమెరాలో చెంప మీద ఎండ పడే తీరు మారుతుంది, వెనుక ఇంకో వరుస చెట్లు వస్తాయి. ఒక వాక్యం మధ్యలో నుంచి కోసి ఇంకో వాక్యానికి అతికించినా చూసేవాళ్లకు తెలియదు. క్రాప్‌తో అతికిస్తే తల ఒక్కసారి ఎగిరినట్టు ఉంటుంది. 100 నుంచి 120కి మారితే అయితే మరీ అన్యాయం, ఎడిటర్ చెయ్యి జారిందనుకుంటారు. కనీసం 150 ఉండాలి. ఆయన తల తిప్పినప్పుడో, కొత్త మాట ఎత్తుకున్నప్పుడో కట్ వేయాలి.

రెండో కెమెరాకూ దాని తిప్పలు దానికున్నాయి. మా రెండోది ఒక ఫోను. ఫోను ఫ్రేమ్‌రేటు నిలకడగా ఉండదు. మొదట్లో చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు దగ్గర రెండు ఫైళ్లనూ కలిపాం, ఇరవై నిమిషాలు పోయేసరికి పెదవి ముందు, మాట వెనుక. అందుకే చివర్లో కూడా ఒక చప్పట్లు కొట్టించడం అలవాటు చేసుకున్నాను, ఎంత జారిందో తెలుస్తుంది. రంగులు సరే సరి. రెండింటికీ వైట్ బ్యాలెన్స్ 5600 పెట్టినా ఒకదాంట్లో బత్తాయి ఆకు నల్లపచ్చ, ఇంకోదాంట్లో లేతపచ్చ. ఒక పూట దానికే పోయింది. క్రాప్‌లో ఈ రెండు బాధలూ లేవు, ఒకే ఫైలు కదా, రంగూ మాటా వాటంతటవే కలిసే ఉంటాయి. ఒంటరిగా పోయి తీసుకునేవాడికి ఇది చిన్న లాభం కాదు.

మూడో దారి ఒకటుంది, కెమెరా జరిపి అదే మాట మళ్లీ చెప్పించడం. నటులైతే చెప్తారు. రైతును అడిగితే "ఇందాకనే జెప్పిన గదా" అంటాడు, చెప్పినా రెండోసారి అందులో ప్రాణం ఉండదు. దాని జోలికి పోను.

ఒకే మనిషి, కూర్చుని మాట్లాడేది, 1080లో ఇచ్చేది అయితే నా ఓటు క్రాప్‌కే, పైన చెప్పిన ఫోకస్ జాగ్రత్త పడితే. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే మాత్రం క్రాప్‌ను నమ్ముకోవద్దు. ఇద్దర్నీ ఒకే ఫ్రేములో పెట్టి విడివిడిగా కోస్తే, ఇద్దరూ సగం ముఖాలతో ఎటో చూస్తున్నట్టు వస్తారు. చేతిపని చూపించాలన్నా రెండో కెమెరానే. ఎదురుగా నిలబెట్టిన కెమెరాకు నేతగాడి ఒడిలో నూలు మోసే నాడె ఎటు పోతుందో ఎంత పెంచినా కనబడదు. ఇవ్వాల్సింది ఫోర్‌కేలోనే అయితే పెంచడానికి మిగులు పిక్సెళ్లే లేవు, 110 దాకా సర్దుకోవచ్చు, అది క్లోజ్ షాటు అనిపించుకోదు.

నారాయణపేటకు మొన్న మళ్లీ పోయాను. ఈసారి ట్రైపాడ్ ఒక్కటే. రెండోదాని బరువుకు బదులు ఒక ఎల్ఈడీ ప్యానెల్ తీసుకుపోయి కిటికీ వైపు నుంచి వెలుతురు పెంచాను. ఐఎస్ఓ 800కు దిగింది. ఫోకస్ కనురెప్పల మీద కట్టి వదిలేశాను. మాటలన్నీ అయ్యాక అదే కెమెరాను విప్పి, మగ్గం మీదికి వంగి పది నిమిషాలు చేతులు మాత్రమే తీశాను. 170లో పెట్టిన క్లోజ్‌లను ఆ ఇంటి పిల్లలు వాళ్ల టీవీలో చూసి, ఇంకో కెమెరా ఎప్పుడు పెట్టినవని అడిగారు.