రంగప్రవేశం వీడియో ఆ స్టూడియోకి ఇవ్వబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఏ స్టూడియోనో పేరు రాయక్కర్లేదు. డాన్స్ వీడియో ఎడిటింగ్ అని ఎవరడిగినా మనవాళ్లంతా ఒకే నంబర్ ఇస్తారు కదా, వాళ్లే.

మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం. పాత క్యామ్‌కార్డర్ స్టాండ్ మీద పెట్టి తరంగం మొత్తం నేనే ఆపకుండా తీశాను. ఫైలు 2 జీబీ దాకా రాగానే ఆ కెమెరా దాన్ని మూసి ఇంకోటి తెరుస్తుంది, రికార్డింగ్ మాత్రం ఆగదు. ఆ రెండు ముక్కలూ కలిపి, ముందు పేర్లు వేసి ఇమ్మన్నాను. నాలుగు వేలు.

గురువుగారింట్లో అందరం కూర్చుని చూస్తున్నాం. పిల్ల పళ్లెం అంచుల మీద నిలబడి తీర్మానం అందుకుంది. ఠక్కున అర సెకను నిశ్శబ్దం! బొమ్మ మసకబారి మళ్లీ వెలిగింది, అదొక ఎఫెక్టట. "నాన్నా, ఇక్కడ నేను తాళం తప్పానా?" అని అడిగింది. తను తప్పలేదు.

నిన్న సాయంత్రం వెళ్లి అడిగితే ఆయన తలెత్తకుండా "అక్కడ మీ కెమెరా ఆగింది సార్. తీయడం రాకపోతే మమ్మల్ని పిలవాల్సింది" అన్నాడు. పక్క కుర్రాడు కిసుక్కున నవ్వాడు. పైగా గ్యాప్ కవర్ చేసినందుకు ఇంకో 1500. ఇచ్చాను కూడా! నాలాంటి మహానుభావులుండబట్టే వాళ్ల వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలు.

రాత్రి నిద్రపట్టక వాళ్లిచ్చిన పెన్‌డ్రైవ్ తెరిచాను. మొదటి ఫైలు సరిగ్గా 2 జీబీ దగ్గర ఆగింది. బ్యాటరీ అయిపోయో, ఎవరో బటన్ నొక్కో ఆగితే అక్కడికే ఎలా వస్తుంది? ఈ MTS ఫైళ్లను కెమెరా లెక్క చూసుకుని మధ్యలో తెంచేస్తుంది. తెగిన చోట శబ్దం తునక సగం ఈ ఫైల్లో, సగం ఆ ఫైల్లో ఉంటుంది. విడివిడిగా ఎడిటింగ్‌లోకి తీసుకుంటే సాఫ్ట్‌వేర్ ఆ సగాలను పారేస్తుంది. అదే ఆ నిశ్శబ్దం. ముందే చివరికి చివర అతికిస్తే తునక మళ్లీ నిండుగా అవుతుంది. విండోస్‌లో ఇంతే:

```
copy /b 00003.MTS+00004.MTS tarangam.MTS
```

రెండు నిమిషాల పని. అతుకు దగ్గర పదిసార్లు విన్నాను, ఒక్క దెబ్బ కూడా పోలేదు. వీడియో వాళ్లకి పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

అన్నట్టు, ఫైళ్ల వరుస తప్పకూడదు. MP4 ఫైళ్లకి ఈ కమాండ్ వాడొద్దు, ఏ ఫైలు సూచిక దానికే ఉంటుంది కాబట్టి మొదటి ముక్కే ఆడుతుంది. ఇక ఎవరికిచ్చినా కార్డు ఇవ్వకండి, కాపీ ఇవ్వండి.