బూస్ట్ కన్వర్టర్‌లో రైట్ హాఫ్ ప్లేన్ జీరో: లూప్ వేగం పెంచడమా, తగ్గించడమా, జీరోనే జరపడమా?

12 వోల్టుల సప్లై తీసుకుని 24 వోల్టులు ఇచ్చే బూస్ట్ కన్వర్టర్ ఒకటి మన ముందు ఉందనుకుందాం. దాని స్విచింగ్ ఫ్రీక్వెన్సీ 200 కిలోహెర్ట్జ్, ఇండక్టర్ 47 మైక్రోహెన్రీ, అవుట్‌పుట్ కెపాసిటర్ 100 మైక్రోఫారడ్, లోడ్ 2 ఆంపియర్లు, నియంత్రణ కరెంట్ మోడ్. లోడ్ ఒక్కసారిగా పెరిగినప్పుడు అవుట్‌పుట్ వోల్టేజ్ లోతుగా పడిపోతోంది. దాన్ని తగ్గించడానికి మూడు దారులు కనిపిస్తాయి: ఫీడ్‌బ్యాక్ లూప్‌ను ఇంకా వేగంగా నడపడం, లూప్‌ను నెమ్మదిగానే ఉంచి కెపాసిటర్ పెంచడం, ఇండక్టర్‌ను చిన్నది చేయడం. వీటిలో ఏది మేలో తేల్చాలంటే ముందు ఈ సర్క్యూట్ మొదటి కొన్ని మైక్రోసెకన్లలో ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి.

డ్యూటీ 0.5 వద్ద ఇండక్టర్‌లో సగటున 4 ఆంపియర్లు ప్రవహిస్తాయి. ప్రతి సైకిల్‌లో సగం కాలమే డయోడ్ కరెంట్‌ను పోనిస్తుంది కాబట్టి అవుట్‌పుట్‌కు సగటున 2 ఆంపియర్లు చేరతాయి. అది లోడ్‌కు సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు వోల్టేజ్ పెంచాలని డ్యూటీని 0.51 చేశామనుకోండి. ఇండక్టర్ కరెంట్ ఆ క్షణంలో పెరగదు, 4 ఆంపియర్ల వద్దే ఉంటుంది. డయోడ్ కరెంట్‌ను పోనిచ్చే కాలం మాత్రం వెంటనే 0.49కి తగ్గిపోతుంది. ఫలితంగా అవుట్‌పుట్‌కు చేరే కరెంట్ 1.96 ఆంపియర్లకు దిగుతుంది, మిగిలిన 0.04 ఆంపియర్‌ను కెపాసిటరే ఇవ్వాలి, వోల్టేజ్ తగ్గడం మొదలవుతుంది. పెంచమని ఆదేశిస్తే తగ్గడం ఇక్కడే ఉంది.

ఈ లోటు ఎంతసేపు ఉంటుంది? ఇండక్టర్ మీద సగటున పడే అదనపు వోల్టేజ్ 12 నుంచి 0.49 × 24 తీసివేస్తే వచ్చే 0.24 వోల్టు మాత్రమే. లోటు తీరాలంటే కరెంట్ 4 నుంచి సుమారు 4.08 ఆంపియర్లకు పెరగాలి, అందుకు దాదాపు 16 మైక్రోసెకన్లు, అంటే మూడుకు పైగా స్విచింగ్ సైకిళ్ళు పడుతుంది. అక్కడితో కరెంట్ లోటు తీరుతుంది గానీ, పోయిన చార్జి తిరిగి చేరి వోల్టేజ్ పాత స్థాయికి రావడానికి మరో అంత కాలం కావాలి. ఆ తరువాతే అవుట్‌పుట్ నిజంగా పైకి కదులుతుంది. ఈ ఉదాహరణలో తగ్గుదల 3 మిల్లీవోల్టులే. అయితే ఫీడ్‌బ్యాక్‌కు ముఖ్యమైనది దాని పరిమాణం కన్నా దిశ.

ఈ ప్రవర్తననే గణితం s-తలం కుడి సగంలో ఉండే ఒక జీరోగా చెబుతుంది. బూస్ట్ కన్వర్టర్ కంటిన్యువస్ కండక్షన్‌లో ఉన్నప్పుడు, డ్యూటీ నుంచి అవుట్‌పుట్‌కు వెళ్ళే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌లో (1 − s/z) అనే గుణకం ఉంటుంది, z = R(1 − D)²/L, ఇందులో R లోడ్ రెసిస్టెన్స్, D డ్యూటీ, L ఇండక్టర్ విలువ. మన అంకెలు వేస్తే సెకనుకు 63,800 రేడియన్లు, అంటే 10.2 కిలోహెర్ట్జ్ వస్తుంది. దాని విలోమం 15.7 మైక్రోసెకన్లు. పైన చేత్తో లెక్కించిన 16 మైక్రోసెకన్లకూ దీనికీ ఉన్న దగ్గరి పోలిక కాకతాళీయం కాదు. కరెంట్ లోటు తీరడానికి పట్టే కాలమే 1/z. డ్యూటీలో మార్పు ఎంత చిన్నదైతే రెండూ అంతగా కలిసిపోతాయి.

ఇప్పుడు మొదటి దారి. లూప్‌ను వేగవంతం చేస్తే ఈ తగ్గుదలను తొందరగా దాటేయవచ్చు కదా అనిపిస్తుంది. అలా కుదరకపోవడానికి కారణం ఒక చిన్న సమీకరణం. క్లోజ్డ్ లూప్ స్థిరంగా ఉన్నంతవరకూ, కంట్రోలర్ ఏదైనా సరే, ప్లాంట్ జీరో క్లోజ్డ్ లూప్‌లోనూ జీరోగానే మిగులుతుంది. కాబట్టి స్టెప్ రెస్పాన్స్ y(t) ఈ నియమానికి కట్టుబడి ఉండాలి:

∫₀^∞ y(t) e^(−zt) dt = 0

e^(−zt) ఎప్పుడూ ధనాత్మకమే. కనుక చివరకు 1 వద్ద స్థిరపడే y(t) ఎక్కడో ఒకచోట సున్నా కిందికి పోక తప్పదు, లేకుంటే ఈ సమాకలనం సున్నా కాలేదు. పైగా e^(−zt) తొలి క్షణాలకే ఎక్కువ బరువు ఇస్తుంది. స్పందన త్వరగా పైకి చేరితే ధన భాగానికి బరువు పెరుగుతుంది, దాన్ని సరితూచడానికి మొదట్లోని ఋణ భాగం అంతకంత లోతుగా దిగాలి. స్పందన t_s కాలంలో 98 శాతానికి చేరి అక్కడి నుంచి అంతకు దిగకుండా నిలవాలంటే, అండర్‌షూట్ కనీసం 0.98/(e^(z·t_s) − 1) ఉండి తీరాలి.

మన z తో దీన్ని పరీక్షిద్దాం. 63 మైక్రోసెకన్లలో స్థిరపడమంటే కనీస అండర్‌షూట్ స్టెప్‌లో 2 శాతం లోపే. 31 మైక్రోసెకన్లంటే 16 శాతం, 16 మైక్రోసెకన్లంటే 55 శాతం, 8 మైక్రోసెకన్లంటే 147 శాతం. అంటే ఒక వోల్టు పెంచమని అడిగితే ముందు దాదాపు ఒకటిన్నర వోల్టు కిందికి దిగి ఆ తరువాత పైకి వస్తుంది. ఇవి ఏ చెడ్డ కంట్రోలర్ తెచ్చే అంకెలో కావు, అత్యుత్తమమైన లీనియర్ కంట్రోలర్‌కు కూడా ఇదే కనీస హద్దు.

జీరోను కంట్రోలర్‌లో ఒక పోల్ పెట్టి కొట్టేస్తే సరిపోతుందన్న ఆలోచన కొత్తవారికి తప్పక వస్తుంది, నాకూ వచ్చింది. కాగితం మీద లబ్ధం శుభ్రంగా కనిపిస్తుంది. కానీ ఆ పోల్ కుడి సగంలో ఉంటుంది కాబట్టి కంట్రోలర్ లోపల e^(zt) అనే పెరుగుదల పుడుతుంది. 15.7 మైక్రోసెకన్ల కాలస్థిరాంకంతో అది ప్రతి 11 మైక్రోసెకన్లకూ రెట్టింపవుతూ పోతుంది. అవుట్‌పుట్‌లో అది కాసేపు కనిపించదు, డ్యూటీ మాత్రం చూస్తుండగానే హద్దుకు తగిలి ఆగిపోతుంది. కాబట్టి దీన్ని దారిగా లెక్కలోకే తీసుకోకూడదు.

ఫ్రీక్వెన్సీ వైపు నుంచి చూస్తే బ్యాండ్‌విడ్త్ హద్దు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మామూలు జీరో గెయిన్‌ను పెంచుతూ ఫేజ్‌ను కూడా ముందుకు తెస్తుంది. ఈ జీరో గెయిన్‌ను అలాగే పెంచుతుంది, ఫేజ్‌ను మాత్రం వెనక్కి లాగుతుంది. క్రాసోవర్ z కి ఐదో వంతు వద్ద ఉంటే పోయే ఫేజ్ 11 డిగ్రీలు, మూడో వంతు వద్ద 18, సరిగ్గా z వద్ద 45. పోయిన ఫేజ్‌ను తెచ్చుకుందామని లీడ్ కలిపితే గెయిన్ ఇంకా పైకి లేచి క్రాసోవర్ మరింత ముందుకు జరుగుతుంది. అందుకే పని తెలిసినవారు క్రాసోవర్‌ను z కి మూడో వంతు నుంచి ఐదో వంతు మధ్యలో ఆపేస్తారు. సెన్సిటివిటీ శిఖరం 2 దాటకూడదని, తక్కువ ఫ్రీక్వెన్సీలో సాధారణ ఇంటిగ్రల్ చర్య ఉండాలని కోరితే, సిద్ధాంతం సుమారు z కి సగం దగ్గరే తలుపు మూస్తుంది. ఆచరణలో మూడో వంతు అనడం అనవసరమైన భయం కాదు.

ఇక్కడే నేను ఒకసారి దెబ్బతిన్నాను. 12 వోల్టులు, 2 ఆంపియర్ల వద్ద 10.2 కిలోహెర్ట్జ్ జీరో చూసి, మూడో వంతు లెక్కన క్రాసోవర్ 3.4 కిలోహెర్ట్జ్ పెట్టాను. బెంచి మీద అన్నీ బాగానే నడిచాయి. సప్లై 9 వోల్టులకు దిగి, లోడ్ 3 ఆంపియర్లకు పెరిగినప్పుడు మాత్రం అవుట్‌పుట్ ఊగడం మొదలైంది. కారణం సూత్రంలోనే ఉంది. అప్పుడు డ్యూటీ 0.625, R 8 ఓములు, జీరో 3.8 కిలోహెర్ట్జ్‌కు దిగివస్తుంది. క్రాసోవర్ ఆ 3.4 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉందనుకుంటే జీరో ఒక్కటే 42 డిగ్రీలు తినేస్తుంది. కనిష్ఠ సప్లై, గరిష్ఠ లోడ్ కలిసిన మూలలోనే z ను లెక్కించాలి. తక్కువ సప్లైలో, నిండు లోడ్‌లో మాత్రమే ఊగే కన్వర్టర్ కనిపిస్తే మొదట అనుమానించవలసింది ఈ జీరోనే.

రెండో దారి ఆ మూలకు లొంగి ఉండటం. 3.8 కిలోహెర్ట్జ్‌కు నాలుగో వంతు అంటే క్రాసోవర్ 950 హెర్ట్జ్. ఒక ఆంపియర్ లోడ్ పెరిగితే వోల్టేజ్ పడిపోయేది సుమారుగా ΔI/(2π·f_c·C), అంటే 100 మైక్రోఫారడ్‌లతో 1.7 వోల్టులు. 24 వోల్టుల లైన్‌కు ఇది ఎక్కువ. కెపాసిటర్‌ను 470 మైక్రోఫారడ్‌లకు పెంచితే 0.36 వోల్టుకు తగ్గుతుంది. ఈ దారి నమ్మదగినదే. అదనంగా అయ్యేది స్థలం, ఖర్చు మాత్రమే, లూప్ మీద భారం పడదు.

మూడో దారి ఇండక్టర్‌ను 22 మైక్రోహెన్రీకి తగ్గించడం. L సగానికి దిగువకు రావడంతో అదే కష్టమైన మూలలో జీరో 8.1 కిలోహెర్ట్జ్‌కు, నాలుగో వంతు క్రాసోవర్ 2 కిలోహెర్ట్జ్‌కు చేరతాయి. అప్పుడు 220 మైక్రోఫారడ్‌లతోనే అదే 0.36 వోల్టు దక్కుతుంది. ప్రతిఫలంగా రిపుల్ పెరుగుతుంది: ఆ మూలలో శిఖరం నుంచి లోయ వరకూ 0.6 ఆంపియర్ నుంచి 1.28 ఆంపియర్లకు. అక్కడ ఇండక్టర్ సగటు కరెంట్ 8 ఆంపియర్లు కాబట్టి శిఖర కరెంట్ 8.3 నుంచి 8.64 కు మాత్రమే మారుతుంది, 4 శాతం తేడా. ఇంత తక్కువ వెలకు జీరోను రెట్టింపు దూరం జరపడం నాకు స్పష్టంగా మేలైన బేరం. చాలా డిజైన్లలో రిపుల్ తగ్గించాలన్న అలవాటుతోనే ఇండక్టర్‌ను అవసరానికి మించి పెద్దది చేస్తారు, జీరో కిందికి దిగిందన్న సంగతి తరువాతెప్పుడో బయటపడుతుంది.

కరెంట్ మోడ్ నియంత్రణ ఇండక్టర్, కెపాసిటర్‌ల రెజొనెన్స్‌ను విడదీసి కాంపెన్సేషన్‌ను సులువు చేస్తుందన్నది నిజమే. కానీ జీరోను అది ముట్టుకోదు. కరెంట్ ఎక్కువ కావాలని ఆదేశిస్తే స్విచ్ ఎక్కువసేపు మూసుకుంటుంది, డయోడ్ తక్కువసేపు కరెంట్‌ను పోనిస్తుంది. మొదటి లోటు అలాగే ఉంటుంది.

ఇండక్టర్‌ను ఇంకా ఇంకా తగ్గించి పూర్తిగా డిస్‌కంటిన్యువస్ కండక్షన్‌లోకి వెళితే ఏమవుతుంది? ప్రతి సైకిల్ చివరా కరెంట్ సున్నాకు చేరుతుంది కనుక, పెంచిన డ్యూటీ అదే సైకిల్‌లో ఎక్కువ శక్తిని ఇస్తుంది. జీరో చాలా పై ఫ్రీక్వెన్సీలకు తొలగిపోతుంది. అయితే మన 72 వాట్ల మూలలో ఇండక్టర్ విలువ 1.8 మైక్రోహెన్రీ దరిదాపులకు దిగాలి, శిఖర కరెంట్ కనీసం 16 ఆంపియర్లు అవుతుంది. కొద్ది వాట్ల కన్వర్టర్‌కు ఇది చక్కని మార్గం, ఇక్కడ మాత్రం స్విచ్, డయోడ్, ఇండక్టర్ మూడూ ఆ భారాన్ని మోయాలి.

అందుచేత ఈ కన్వర్టర్‌కు నేను 22 మైక్రోహెన్రీ ఇండక్టర్, 220 మైక్రోఫారడ్ కెపాసిటర్, 2 కిలోహెర్ట్జ్ క్రాసోవర్ ఎంచుకుంటాను. ఒక పరీక్ష మాత్రం తప్పనిసరి. చిన్న ఇండక్టర్‌తో కన్వర్టర్ 12 వోల్టుల సప్లై మీద 0.34 ఆంపియర్ లోడ్ దగ్గరే డిస్‌కంటిన్యువస్ కండక్షన్‌లోకి జారుతుంది, మునుపు అది 0.16 వద్ద జరిగేది. ఆ గీతకు రెండు వైపులా గెయిన్ వేరు, క్రాసోవర్ వేరు. కాబట్టి లూప్ కొలతను 9 వోల్టులు, 3 ఆంపియర్ల వద్ద ఒకసారి, ఆ గీతకు దిగువన తేలికపాటి లోడ్ వద్ద మరొకసారి తీసి, రెండుచోట్లా ఫేజ్ మార్జిన్ నిలిచిందని చూసిన తరువాతే కాంపెన్సేషన్ విలువలను ఖరారు చేయాలి.